బల్బు ఎంత కరెంటు తింది?

ఒక టార్చ్ సెల్లు, ఒక చిన్న టార్చ్ బల్బు, ఒకే ఒక్క వైరు ముక్క. వీటితో బల్బు వెలిగించాలి. 1997లో అమెరికాలో వచ్చిన ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ డాక్యుమెంటరీలో ఈ మూడింటినీ ఎంఐటీ నుంచి అప్పుడే పట్టా అందుకున్నవాళ్ల చేతిలో పెట్టారు. పలువురు తడబడ్డారు. ఓం నియమం రాని మనుషులు కారు వాళ్లు.

ఇదే పని ఏడో తరగతి పిల్లలకు ఇవ్వండి. చాలామంది మొదట చేసేది ఒకటే. వైరు ఒక కొసను సెల్లు బొడిపెకు ఆనిస్తారు, రెండో కొసను బల్బు అడుగున ఉన్న చుక్కకు ఆనిస్తారు. వెలగదు. సెల్లు అయిపోయిందేమో సార్ అంటారు. వాళ్ల ఆలోచన మాత్రం అర్థం లేనిది కాదు. గోడ నుంచి టేబుల్ ఫ్యానుకు వెళ్లేది చూడటానికి ఒకే తీగ. లోపల రెండు వైర్లున్న సంగతి ఎవరూ విప్పి చూపలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఏసీ కరెంటు తింటోందంటారు, గీజరు తాగేస్తోందంటారు, నెల తిరిగేసరికి బిల్లూ వస్తుంది. వీటన్నిటి నుంచీ ఆ పిల్ల తనంతట తానే ఒక సిద్ధాంతం కట్టుకుంది: సెల్లు కరెంటు పంపిస్తుంది, బల్బు దాన్ని వాడేసుకుంటుంది.

బీఈడీ విద్యార్థులు నిర్మాణాత్మక వాదం పేరుతో చదువుకునేది ఈ స్థితి గురించే. జ్ఞానాన్ని ఎవరో తెచ్చి తలలో పోయరు. ఉన్న ఊహల మీదే పిల్లలు కొత్తదాన్ని కట్టుకుంటారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ మాటను గట్టిగానే చెప్పింది. అయితే మన బడుల్లో ఇది చాలాసార్లు గ్రూపులుగా కూర్చోబెట్టి చార్టులు రాయించడంతో ఆగిపోతుంది. పిల్లల ఊహ ఏమిటో కనుక్కోకుండా దాని మీద ఏం కడతాం?

ఆ కనుక్కునే పనిని 1980ల మొదట్లో న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ ఆస్బర్న్ బృందం శ్రద్ధగా చేసింది. సెల్లుకు కలిపిన బల్బులో కరెంటు ఎలా పోతుందని పిల్లల్ని అడిగితే ప్రధానంగా నాలుగు బొమ్మలు తేలాయి. ఒకటి, ఒక వైపు నుంచే వెళ్తుంది, రెండో వైరుతో పని లేదు. రెండు, రెండు కొసల నుంచీ వచ్చి బల్బులో గుద్దుకుంటుంది, అందుకే వెలుగు. మూడు, చుట్టూ తిరుగుతుంది గానీ బల్బు కొంత తినేయడంతో తిరిగి వచ్చేటప్పుడు తగ్గుతుంది. నాలుగు, ఎంత వెళ్లిందో అంతా తిరిగి వస్తుంది. నాలుగోది భౌతికశాస్త్రం ఒప్పుకునేది. బాగా చదివే పిల్లలు కూడా మూడో దానిని వదలరు.

పాఠాన్ని ఈ నాలుగు బొమ్మల చుట్టూనే అల్లవచ్చు. టీచరు వాటిని బోర్డు మీద గీస్తుంది. ఏది సరైనదో, ఎందుకో ముందు ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో రాయాలి. చేతులెత్తడం ఆ తర్వాతే. లేకపోతే క్లాస్ ఫస్టు చెయ్యి ఎటు లేస్తే మిగతా చేతులూ అటే లేస్తాయి. తర్వాత వాదన. ఒకరి బొమ్మను ఒకరు ప్రశ్నించాలి. ఈ దశలో టీచరు ‘కరెక్ట్’ అని నోరు జారినా, ముఖంలో తెలిసిపోయినా ఆట ముగిసినట్టే.

ఇప్పుడు అమ్మీటరు. బల్బుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. 2.5 వోల్టుల, 0.3 ఆంపియర్ల బల్బును ఒక సెల్లుకు కలిపితే ముల్లు 0.2 ఆంపియర్ల దాపుల్లో ఆగుతుంది. రెండు చోట్లా అంతే. ముల్లు రెండుసార్లూ ఒకే దిక్కుకు కదిలింది కాబట్టి గుద్దుకునే బొమ్మకూ చెల్లుచీటీ. ఇక్కడ ఒక చిక్కుంది. బడి లాబులోని రెండు అమ్మీటర్లు ఒకేలా చూపడం అరుదు. రెండోది వెంట్రుకవాసి తక్కువ చూపితే చాలు, ‘చూశారా, తినేసింది’ అని క్లాసంతా అరుస్తుంది. అందుకే ఒకే మీటరును చోటు మార్చి పెట్టాలి. తర్వాత రెండు సెల్లులకు రెండు బల్బులు వరసగా కలిపి, ఏది ఎక్కువ వెలుగుతుందో ముందే చెప్పమనాలి. మొదటిదే అంటారు. దాదాపు సమానంగా వెలుగుతాయి. బజారు బల్బులు కాబట్టి ఒకటి కాస్త మసగ్గా ఉండవచ్చు. అలాంటప్పుడు వాటి చోట్లు మార్చాలి. ఆ మసక బల్బుతోపాటే వెళ్తుంది, చోటుతో కాదు. అన్నట్టు, దీనికి ఫిలమెంటు బల్బులే కావాలి. ఎల్ఈడీలు పెడితే పాఠం వేరే దారి పడుతుంది.

చాలామంది టీచర్లు ఇక్కడే ఆగిపోతారు. ప్రయోగం చూపాం, అపోహ పోయిందనుకుంటారు. పోదు. కాలిన్ గాల్డ్ అనే పరిశోధకుడు 1986లో ప్రచురించిన పరిశీలన నాకెప్పుడూ ఆశ్చర్యమే. మీటర్లను కళ్లారా చూసి, సమానమేనని ఒప్పుకున్న పిల్లల్ని కొన్ని నెలల తర్వాత అడిగితే, వారిలో కొందరు పాత నమ్మకానికే తిరిగివెళ్లారు. పైగా రెండో మీటరు తక్కువ చూపిందని గుర్తుచేసుకున్నారు! నమ్మకం ప్రయోగం ముందు తల వంచలేదు, ప్రయోగాన్నే తనకు తగ్గట్టు దిద్దుకుంది.

కారణం వెతకడం కష్టం కాదు. ‘ఏదో ఖర్చవుతోంది’ అన్న పిల్లల ఊహలో నిజముంది. సెల్లు నిజంగానే అయిపోతుంది, బిల్లు నిజంగానే వస్తుంది. ఖర్చేమీ లేదని టీచరు చెబితే వాళ్లు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఖర్చయ్యేది కరెంటు కాదు, శక్తి. సెల్లులోని రసాయన శక్తి బల్బులో వేడిగా, వెలుగుగా మారి బయటికి పోతుంది. పాఠం రెండో సగమంతా దీనికే ఇవ్వాలి. సైకిల్‌ను తరగతిలోకి తెచ్చి తిరగేసి నిలబెట్టి పెడల్ తిప్పితే సరిపోతుంది. గొలుసు కొక్కేలు ఎన్ని వెనక చక్రానికి వెళ్తాయో అన్నీ తిరిగొస్తాయి. ఒక్కటీ అరగదు. అయినా తొక్కినవాడికి ఆయాసం వస్తుంది, చక్రం తిరుగుతుంది. స్విచ్ వేయగానే బల్బు వెలగడం కూడా ఇందులోనే తెలుస్తుంది. ఒక్కో కొక్కెం మెల్లగా కదిలినా పెడల్‌తోపాటే చక్రమూ కదులుతుంది. ఈ పోలికకు హద్దుంది. దారి రెండుగా చీలే సమాంతర సర్క్యూట్ దగ్గరికి రాగానే గొలుసు పనికిరాదు. ఆ మాట టీచరే ముందు చెప్పాలి, లేకపోతే కొత్త అపోహను తానే నాటినట్టవుతుంది.

కన్‌స్ట్రక్టివిజమంటే పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయడమని విమర్శించేవాళ్లున్నారు. ఈ పాఠంలో వదిలేసింది ఏమీ లేదు. ఏ ప్రశ్న ముందు, ఏ మీటరు ఎక్కడ, టీచరు ఎప్పుడు నోరు కట్టుకోవాలి అన్నదంతా ముందే లెక్క వేసింది. మామూలు ఉపన్యాసం కంటే తయారీ ఎక్కువ, పీరియడ్లూ రెండు మూడు పడతాయి. సిలబస్ పరుగులో ప్రతి పాఠాన్నీ ఇలా చెప్పలేం. అపోహ బలంగా పాతుకున్న చోట్లకే దీన్ని దాచుకోవడం మేలు.

పాఠం తలకెక్కిందో లేదో మర్నాటి స్లిప్ టెస్టు చెప్పదు. కొన్ని వారాలు ఆగి, పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి వేయాలి. సెల్లులకూ బల్బుకూ మధ్య, పాజిటివ్ వైపున ఐదు ఓముల నిరోధం పెడితే వెలుగు తగ్గింది. అదే నిరోధాన్ని తీసి బల్బు దాటాక, నెగెటివ్ వైపున పెడితే ఏమవుతుంది? ‘బల్బు తన కరెంటు అప్పటికే తీసేసుకుంది కదా, వెలుగు తగ్గదు’ అన్న జవాబు వస్తే పాత ఊహ అలాగే ఉందన్నమాట. ఓం నియమం లెక్కల్లో పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లూ ఇలా రాస్తారు. ‘ఎక్కడ పెట్టినా అంతే తగ్గుతుంది, చుట్టంతా కలిసే కదులుతుంది కాబట్టి’ అని కారణంతో రాసినవాళ్లు ఎందరో లెక్కపెట్టుకోవాలి. కారణం లేకుండా ‘అంతే’ అని మాత్రం రాసినవాళ్లను ఆ లెక్కలో కలపకూడదు.