జడ్జి వింటారు, పోలీసు విచారిస్తాడు

ఐఐటీ ఢిల్లీ పక్కనే ఉన్న కటవారియా సరాయ్ ఇరుకు గదుల్లో గేట్, ఐఈఎస్ పరీక్షలకు చదివే తెలుగు కుర్రాళ్లుంటారు. వాళ్లలో ఒకణ్ని ఏదో గొడవ పేరుతో రాత్రి స్టేషనుకు పట్టుకెళ్లి, నాలుగు తగిలించి, తెల్లారాక వదిలేశారనుకుందాం. డైరీలో అతని పేరే లేదు. ఎవరితో చెప్పుకోవాలి?

ఢిల్లీ పోలీసులు కేంద్ర హోంశాఖ కింద ఉంటారు కాబట్టి ముఖ్యమంత్రికి మొరపెట్టుకున్నా పని జరగదు. ఉన్న దారుల్లో ఒకటి పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాల్లో ఇదొకటి. ఢిల్లీలో మొదట ఈ పనిని పబ్లిక్ గ్రీవెన్సెస్ కమిషన్‌కే అంటగట్టారు, తర్వాత విడి అథారిటీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2021లో చైర్మన్‌గా నియమించిన మాజీ న్యాయమూర్తి వయోపరిమితి దాటారని హైకోర్టు ఆ జీవోనే నిలిపేసింది.

మన కుర్రాడి ఫిర్యాదు ఢిల్లీ అథారిటీలో నిలుస్తుందా? అది వినేది తీవ్ర గాయం, తీవ్రమైన అధికార దుర్వినియోగం వంటి ఆరోపణలనే. చెంపదెబ్బ 'తీవ్ర గాయం' కిందికి రాదు. కాగితం లేకుండా రాత్రంతా నిర్బంధించడం మాత్రం తీవ్రమైన అధికార దుర్వినియోగమే. అందుకని ఫిర్యాదులో దెబ్బల కన్నా ముందు, ఎన్ని గంటలకు తీసుకెళ్లారో, ఎప్పుడు వదిలారో రాయాలి.

అసలు చిక్కు ఆ తర్వాతే. వినేది విశ్రాంత న్యాయమూర్తి. కానీ వాస్తవాలు తెలుసుకోవాలంటే ఆయన పోలీసు శాఖనే నివేదిక అడగాలి. సుప్రీంకోర్టు సూచించిన ప్రత్యామ్నాయం కూడా సీఐడీ, విజిలెన్స్ వంటి శాఖల విశ్రాంత దర్యాప్తు అధికారులే. డైరీ రాసేది స్టేషనువాళ్లు, కెమెరా వాళ్ల గోడమీదే, సాక్షులంటే ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కానిస్టేబుళ్లు. రేపు తన డ్యూటీ చార్టు వేసేది, సెలవు ఇచ్చేది ఆరోపణ ఎదుర్కొంటున్న అధికారే అయినప్పుడు కానిస్టేబుల్ నోరు విప్పుతాడా? చెప్పింది చెయ్యడమే ఉద్యోగమైన చోట, పైవాడి మీద సాక్ష్యమివ్వడం ద్రోహంలా కనిపిస్తుంది. ఉత్తర ఐర్లాండ్‌లో 2000 నుంచి పోలీస్ అంబుడ్స్‌మన్‌కు సొంత దర్యాప్తు సిబ్బంది ఉన్నారు. నా లెక్కలో మన దగ్గర లేనిది అదే. తీర్పు చెప్పే అధికారం ఎంత పెంచినా ఆ లోటు తీరదు.

కెమెరాల సంగతి 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తేల్చింది: ప్రతి స్టేషన్లో పెట్టాలి, దృశ్యాలు పద్దెనిమిది నెలలు దాచాలి. అది కుదరని చోట కనీసం ఏడాదైనా ఉంచాలి. అయినా 'ఆ రోజు కెమెరా పాడైంది' అన్న జవాబొస్తే, రుజువు చెయ్యాల్సిన భారం మళ్లీ కుర్రాడి మీదే పడుతుంది.

అథారిటీ చుట్టూ తిరుగుతుంటే ఇంకో గడియారం నడుస్తుంటుంది. విధి నిర్వహణ పేరుతో చేసిన పని మీద ప్రాసిక్యూషన్‌ను మూడు నెలలు దాటాక కోర్టు స్వీకరించరాదని ఢిల్లీ పోలీసు చట్టం 140వ సెక్షన్ అంటుంది. ముందస్తు అనుమతి తెచ్చుకుంటే ఏడాది వరకు గడువుంటుంది. కాబట్టి మొదటి రోజే ప్రభుత్వాసుపత్రిలో గాయాల పత్రం తీసుకుని, ఫుటేజీ భద్రపరచమని రాసి, అందినట్టు సంతకం పెట్టించుకోవాలి.