వార్తల్లో పదం: 148ఎ నోటీసు

రిటర్నులో చూపని ఆదాయం ఉందని అనుమానిస్తే, పాత అసెస్‌మెంట్‌ను తిరగదోడే ముందు 1961 ఆదాయపు పన్ను చట్టం కింద ఇచ్చే సంజాయిషీ నోటీసు ఇది. షేర్లు, క్రిప్టో అమ్మినవారికి చిక్కు ఒకచోటే వస్తుంది: శాఖకు అందే సమాచారంలో తరచూ అమ్మిన మొత్తమే ఉంటుంది, కొన్న ధర ఉండదు.

ఒకరు 5 లక్షల రూపాయలకు బిట్‌కాయిన్ అమ్మారనుకుందాం. ఎక్స్ఛేంజి లెడ్జరులో కొన్న ధర 4.6 లక్షలని తేలితే లాభం 40 వేలే. దానిపై 30 శాతం పన్ను 12,000, సెస్సు 480. లెడ్జరు జతచేయకపోతే మొత్తం 5 లక్షలనూ ఆదాయంగా లెక్కగట్టే ప్రమాదముంది. సొంత వాలెట్ల మధ్య బదిలీలు అమ్మకాలు కావని విడిగా చూపాలి. మరో కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మాత్రం ఈ లాభంలోంచి తీసేయడం కుదరదు. షేర్లకైతే బ్రోకరు ఇచ్చే లాభనష్టాల స్టేట్‌మెంటు, కాంట్రాక్టు నోట్లు జతచేసి గడువులోగా పోర్టల్‌లో జవాబివ్వాలి.