కూలిన రాత్రి ఏం రాశారు?

మా మేనల్లుడికి రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి గచ్చిబౌలిలో, ఇంకొకటి బెంగళూరులో. జీతంలో పెద్ద తేడా లేదు. రెండు కంపెనీలకూ ఇంజినీరింగ్ బ్లాగులున్నాయి, గిట్‌హబ్‌లో రెపోలున్నాయి, యూట్యూబ్‌లో కాన్ఫరెన్స్ ప్రసంగాలున్నాయి. "అన్నీ చూశాను మామయ్యా, రెండూ గొప్పగానే ఉన్నాయి" అన్నాడు. గొప్పగా ఉండక ఏం చేస్తాయి? వాడిలాంటి వాళ్లను రప్పించుకోవడానికే కదా అవి రాయించేది! పెళ్లిచూపులనాడు ఎవరిల్లయినా సర్దే ఉంటుంది. నేను ఒక్కటే అడిగాను: "వాళ్ల సర్వర్లు పడిపోయినప్పుడు ఏం రాశారో చూశావా?"

ఏదైనా పెద్ద అంతరాయం తర్వాత ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇకపై ఏం చేస్తాం అని రాసుకునే నివేదికను ఈ రంగంలో పోస్ట్‌మార్టమ్ అంటారు. కొన్ని కంపెనీలు దాన్ని బయటపెడతాయి. చదవడం నేర్చుకోవడానికి నేను అందరికీ చూపించేది గిట్‌ల్యాబ్ కంపెనీ 2017లో రాసిన పోస్ట్‌మార్టమ్.

ఆ ఏడాది జనవరి 31 రాత్రి వాళ్ల డేటాబేస్ మీద లోడు పెరిగి, అసలు సర్వర్‌కు నకలుగా ఉన్న రెండో సర్వర్ వెనకబడిపోయింది. దాన్ని మళ్లీ మొదటి నుంచి నింపాలని ఒక ఇంజినీర్ కూర్చున్నాడు. నింపే కమాండ్ ఏ సందేశమూ ఇవ్వకుండా ఊరికే నిలబడిపోయింది. పాత ఫైళ్లు అడ్డొస్తున్నాయేమోనని వాటిని తీసేయబోయాడు. కానీ తీసేసింది రెండో సర్వర్‌లో కాదు, అసలు సర్వర్‌లో. ఒకటి రెండు సెకన్లలో తప్పు తెలుసుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ.

ఇంతవరకూ ఎవరికైనా జరగొచ్చు. అసలు కథ బ్యాకప్‌లు వెతికినప్పుడు మొదలైంది. రోజువారీ బ్యాకప్ తీయాల్సిన ప్రోగ్రామ్ పాత వెర్షన్‌ది, డేటాబేస్ కొత్త వెర్షన్‌ది. అందువల్ల అది ప్రతిసారీ విఫలమవుతూనే ఉంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు వెళ్తున్నాయి గానీ, వాటికి సరైన సంతకం లేక అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. దాంతో బ్యాకప్‌లు ఉండాల్సిన చోట ఏమీ లేదు, లేవన్న సంగతీ ఎవరికీ తెలియదు. ఇంకో పని కోసం ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిపెట్టిన స్నాప్‌షాట్ ఒకటి దొరకబట్టి బతికారు. నెమ్మదైన డిస్కుల మీద నుంచి దాన్ని కాపీ చేయడానికే దాదాపు 18 గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో వాడుకరులు చేర్చిన సమాచారం పోయింది.

ఇది చదివి "అబ్బో, ఇలాంటి చోట ఎవరు పనిచేస్తారు" అనుకోవడం తేలిక. నేను మాత్రం మూడు చోట్ల ఆగుతాను. మొదటిది, ఆ ఇంజినీర్ పేరు ఎక్కడా లేదు.  నిందను మనిషి మీదకు తోసే చోట మర్నాటి నుంచి ఎవరూ నిజం చెప్పరు.

రెండోది, కారణాల గొలుసు ఎక్కడ ఆగింది? తప్పు కమాండ్ కొట్టడం దగ్గర ఆపలేదు. బ్యాకప్ ఎందుకు లేదు, లేదని ఎందుకు తెలియలేదు, పనిచేస్తోందో లేదో ఎందుకు పరీక్షించలేదు అని అడుగుతూ వెళ్లి, ఆ పరీక్ష ఎవరి బాధ్యతా కాదు కాబట్టి ఎవరూ చేయలేదని ఒప్పుకున్నారు. 'మానవ తప్పిదం, శిక్షణ ఇస్తాం' అన్న దగ్గరే ఆగిపోయిన నివేదికలు నేను చాలా చూశాను. వాటిని పత్రికా ప్రకటనలుగా చదవాలి, ఇంజినీరింగ్‌గా కాదు.

మూడోది, చేస్తామన్న పనులు. గిట్‌ల్యాబ్ ఆ పనులను జాబితాగా ఇచ్చి, ఒక్కోదాన్నీ అందరికీ కనిపించే ఇష్యూగా తెరిచింది. ఏ సర్వర్‌లో ఉన్నామో టెర్మినల్‌లో స్పష్టంగా కనిపించేలా మార్చడం అంత చిన్న పని కూడా అందులో ఉంది. ఇలాంటి ఇష్యూ కనిపిస్తే తెరిచి, మూసేశారా, ఎన్నాళ్లకు మూసేశారు, మధ్యలో ఏం మాట్లాడుకున్నారు అని చూడాలి. నివేదిక వారంలో రాయొచ్చు. ఆ ఇష్యూ ఏడాది తర్వాత కూడా అలాగే పడి ఉంటే, లోపల ఏ పనికి తీరిక దొరుకుతుందో తెలిసిపోతుంది.

రెపోల దగ్గర మావాడు నక్షత్రాలు లెక్కపెట్టాడు. నక్షత్రం అంటే ఎవరో దారినపోతూ బాగుందన్నారని, అంతే. రెపోను పూర్తిగా క్లోన్ చేసుకుని ఈ కమాండ్ నడపమన్నాను:

```
git shortlog -sn --no-merges --since="1 year ago"
```

గత ఏడాదిలో ఎవరు ఎన్ని కమిట్లు చేశారో వరసగా వస్తుంది. బెంగళూరు కంపెనీ ప్రసిద్ధ రెపోలో పైన ఉన్న పేరు `dependabot[bot]`, అంటే లైబ్రరీల వెర్షన్లు పెంచే యంత్రం. దాని కింద ఒకే మనిషి. రెపో బతికే ఉన్నట్టు కనిపిస్తోంది గానీ దాన్ని చూసుకునేవాళ్లు లేరు. అయితే ఇక్కడ తొందరపడకూడదు. `--depth 1` పెట్టి క్లోన్ చేస్తే చరిత్ర రాదు, లెక్కంతా తప్పుతుంది. కొన్ని కంపెనీలు లోపల పనిచేసి, వారానికోసారి అంతా ఒకే కమిట్‌గా బయటికి తోస్తాయి. అప్పుడు పదిమంది పని కూడా ఒక్కరిదిగా కనిపిస్తుంది.

అందుకే లెక్క కన్నా ముగిసిపోయిన పుల్ రిక్వెస్టులు నాలుగైదు చదవడం మేలు. సీనియర్ రాసిన కోడ్‌ను జూనియర్ ప్రశ్నించాడా? ప్రశ్నిస్తే జవాబు వచ్చిందా, లేక రెండు నిమిషాల్లో 'బాగుంది' అని ఆమోదించేశారా? బయటివాడు పంపిన మార్పును కాదన్నప్పుడు కారణం చెప్పారా? రేపు మీ కోడ్‌తో మాట్లాడేదీ ఆ గొంతులే.

ప్రసంగాల సంగతి క్లుప్తంగా చెప్తాను. వేదిక మీద చెప్పేది చాలాసార్లు జరిగినదాని కంటే జరగాలనుకున్నది. స్పాటిఫై బృందాల నిర్మాణం గురించి 2012లో ఒక పత్రం వచ్చింది. ఇది ఆ రోజుకు మా పరిస్థితి మాత్రమేనని రచయితలే అందులో హెచ్చరించారు. అయినా లోకం దాన్ని నమూనాగా పట్టుకుంది. ఆ పత్రం చెప్పినది అక్కడ పూర్తిగా అమలే కాలేదని, 2020లో ఆ కంపెనీ మాజీ ఉద్యోగి ఒకరు రాశారు. నేనైతే వీడియోను చివరి పది నిమిషాలకు జరిపి, శ్రోతల ప్రశ్నలకు జవాబులే వింటాను. "ఇది ఎక్కడ పనిచేయలేదు?" అని అడిగితే ఒక ఉదాహరణైనా చెప్పగలిగినవాడు ఆ పని చేసినవాడు.

హైదరాబాద్ పాఠకులకు ఇంకో మాట. ఇక్కడ చాలా ఉద్యోగాలు సర్వీస్ కంపెనీల్లో, విదేశీ సంస్థల సొంత కేంద్రాల్లో ఉంటాయి. అక్కడ రాసే కోడ్ ఆ క్లయింట్లది, ఆ సంస్థలది. బయట చూపించే హక్కే ఉండకపోవచ్చు. కాబట్టి ఏమీ దొరకలేదంటే నాసిరకం అని కాదు, తెలియదు అని మాత్రమే. పైగా, దొరికినా అది ఒక టీమ్ గురించే చెబుతుంది. మీరు చేరబోయేది పక్క టీమ్ కావచ్చు.

ఈ చదువంతా చివరికి ఇంటర్వ్యూలో అడగాల్సిన ఒక ప్రశ్నగా మారితే చాలు. మావాడు ఇద్దరినీ గిట్‌ల్యాబ్ ప్రశ్నే అడిగాడు: బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను చివరిసారి నిజంగా తిరిగి నిలబెట్టి చూసింది ఎప్పుడు? బెంగళూరాయన "మాకు అదంతా ఆటోమేటిక్" అన్నాడు. గచ్చిబౌలి కంపెనీ బ్లాగులో చివరి వ్యాసం రెండేళ్ల కిందటిది. అక్కడి మేనేజర్ మాత్రం కాస్త నవ్వి, "పోయిన నెల. రెండు గంటలనుకుంటే అయిదు పట్టింది. ఎక్కడ ఆలస్యమైందో ఇంకా వెతుకుతున్నాం, మీరు చేరితే మొదటి పని అదే" అన్నాడట.

మావాడు ఆ రాత్రే ఒప్పందం మీద సంతకం పెట్టాడు.