ఇనుముకు రెండు తలుపులు

తోటకూర పప్పుతో అన్నం తిని, చెయ్యి కడుక్కోగానే టీ తాగడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ టీ వల్ల తోటకూరలోని ఇనుము ఎంత నష్టపోతామో తెలియాలంటే, అది పేగులోంచి రక్తంలోకి వెళ్లే దారి తెలియాలి. ఆ దారిలో రెండు తలుపులున్నాయి.

మొదటిది చిన్నపేగు మొదట్లో, తిన్న ఆహారం తగిలే వైపు ఉంటుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. పేగు కణం తీసుకునేది ఫెర్రస్ రూపాన్ని. విటమిన్ సి మొదటి రూపాన్ని రెండోదిగా మార్చి, కరిగి ఉండేలా చూస్తుంది. టీలోని పాలీఫినాల్స్ చేసేది దీనికి విరుద్ధం. అవి ఇనుమును గట్టిగా పట్టుకుంటాయి, కణం దాన్ని లోపలికి తీసుకోలేదు, చివరికి మలంతో పోతుంది. మాంసంలోని హీమ్ ఇనుముకు వేరే దారి ఉంది కాబట్టి దానిమీద ఈ రెండింటి ప్రభావం తక్కువ.

రెండో తలుపు అదే కణానికి రక్తం వైపు ఉంటుంది. దాని పేరు ఫెర్రోపోర్టిన్. దానికి తాళం వేసేది కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే చిన్న హార్మోన్. ఒంట్లో ఇనుము నిల్వలు నిండితే హెప్సిడిన్ పెరుగుతుంది. అది ఫెర్రోపోర్టిన్‌కు అతుక్కోగానే కణం ఆ తలుపును లోపలికి లాక్కుని కరిగించేస్తుంది. ఇనుము కణంలోనే చిక్కుకుపోతుంది. కొద్ది రోజుల్లో ఆ కణం రాలిపోయినప్పుడు ఇనుమూ దానితోపాటే పోతుంది. ఇంత కట్టడి ఎందుకంటే, ఎక్కువైన ఇనుమును బయటికి పంపే ఏర్పాటు మన శరీరానికి లేదు. లోపలికి రానివ్వకపోవడం ఒక్కటే దాని చేతిలో ఉంది. నిల్వలు తగ్గితే హెప్సిడిన్ తగ్గి, తలుపు తెరుచుకుంటుంది.

అంటే నిమ్మరసం, టీ ప్రధానంగా పనిచేసేది మొదటి తలుపు దగ్గరే. రెండో తలుపు మూసి ఉంటే ఎంత నిమ్మరసం పిండినా పెద్దగా లాభం ఉండదు.

ఐరన్ మాత్ర విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 60 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో హెప్సిడిన్ పెరిగి, మర్నాటికీ తగ్గకుండా ఉంటుంది. అందుకే రెండో రోజు మాత్రలోంచి ఒంటికి పట్టేది తక్కువ. జ్యూరిచ్ పరిశోధకులు ఇనుము నిల్వలు తగ్గిన యువతుల్లో దీన్ని కొలిచి 2017లో ప్రచురించారు. రోజూ వేసుకున్నవారికి మాత్రలోని ఇనుములో సుమారు 16 శాతం, రోజు విడిచి రోజు వేసుకున్నవారికి సుమారు 22 శాతం ఒంటబట్టింది.

జబ్బు చేసినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఇన్‌ఫెక్షన్, దీర్ఘకాలిక వాపు ఉంటే, నిల్వలతో పనిలేకుండా హెప్సిడిన్ పెరుగుతుంది. మాత్రలు మింగుతున్నా హిమోగ్లోబిన్ కదలదు. రక్తపరీక్షలో ఫెర్రిటిన్ బాగానే ఉండి హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే డాక్టర్లు ఈ కారణాన్నీ వెతుకుతారు.

నిమ్మకాయ పప్పు దించాక పిండండి, ఉడికిస్తే విటమిన్ సి కొంత పోతుంది. టీ భోజనం అయిన గంట తర్వాత తాగండి. మాత్రలు రోజు విడిచి వేసుకోవాలా అన్నది మాత్రం డాక్టర్‌ని అడిగే నిర్ణయించుకోండి, గర్భిణులైతే సొంతంగా అసలు మార్చవద్దు.