తేదీలు తెలిసిన లెక్క: ఎక్స్‌ఎన్‌పీవీ

స్ప్రెడ్‌షీట్‌లోని NPV ఫంక్షన్‌కు తేదీలు తెలియవు. ఒక వరుసలో ఇచ్చిన అంకెల్లో మొదటిది ఒక ఏడాది చివర, రెండోది రెండో ఏడాది చివర వస్తుందని అనుకుని అది లెక్క కడుతుంది. నిజమైన ప్రాజెక్టుల్లో డబ్బు అలా ఏడాదికొకసారి వచ్చిపోదు. స్థలం రిజిస్ట్రేషన్ ఒక నెలలో, శ్లాబు ఖర్చు ఇంకో నెలలో ఉంటుంది. కొనుగోలుదారు బ్యాంకు లోను మంజూరైన రోజున డబ్బు చేతికొస్తుంది. ఇలాంటి లెక్కల కోసమే XNPV ఉంది. ఎక్సెల్, లిబ్రే ఆఫీస్, గూగుల్ షీట్స్ మూడింటిలోనూ ఇది దొరుకుతుంది. ప్రతి మొత్తానికీ పక్కన దాని అసలు తేదీ ఇస్తే, ఆ తేదీ వరకు గడిచిన రోజులను బట్టి విలువ తగ్గిస్తుంది.

రెండు ఫంక్షన్ల వెనకా ఉన్న సూత్రం ఒక్కటే. రేపు వచ్చే రూపాయి ఈరోజు చేతిలో ఉన్న రూపాయి కంటే తక్కువ విలువైనది. ఎంత తక్కువో డిస్కౌంటు రేటు చెబుతుంది. రేటు 12 శాతమైతే ఏడాది తర్వాత వచ్చే 112 రూపాయల నేటి విలువ 100 రూపాయలు. రాబోయే మొత్తాలన్నిటినీ ఇలా నేటి విలువలోకి మార్చి, పెట్టుబడులను తీసేస్తే మిగిలేది నికర వర్తమాన విలువ. అది సున్నా కంటే ఎక్కువైతే ప్రాజెక్టు 12 శాతానికి మించి సంపాదిస్తున్నట్టు. తక్కువైతే ఆ డబ్బును 12 శాతం ఇచ్చే మరో చోట పెట్టడమే మేలు.

తేడా అంతా కాలాన్ని కొలిచే తీరులో ఉంది. NPV కాలాన్ని 1, 2, 3 అని పూర్తి సంఖ్యల్లో కొలుస్తుంది. XNPV మాత్రం మొదటి తేదీ నుంచి గడిచిన రోజులను 365తో భాగిస్తుంది. 228 రోజుల తర్వాతి ఖర్చుకు కాలం 0.62 ఏళ్లు. మొదటి తేదీన ఉన్న మొత్తానికి గడిచిన రోజులు సున్నా కాబట్టి దాని విలువ ఏమీ తగ్గదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుంటే ఇది తేటపడుతుంది. హనుమకొండలో ఒక బిల్డరు చిన్న అపార్ట్‌మెంట్ కట్టి అమ్మాలనుకున్నాడు. స్థలానికి 120 లక్షలు, పునాదికీ శ్లాబులకూ 80 లక్షలు, గోడలకూ ఫినిషింగ్‌కూ 60 లక్షలు ఖర్చు. ఫ్లాట్ల అమ్మకం డబ్బు మూడు విడతల్లో వస్తుంది. షీటులో A నిలువు వరుసలో తేదీలు, B వరుసలో మొత్తాలు లక్షల్లో ఉన్నాయి. బయటికి పోయేవాటికి ముందు మైనస్ గుర్తు ఉంటుంది.

```
     A              B
2    01-Apr-2024    -120
3    15-Nov-2024     -80
4    10-Jun-2025     -60
5    20-Dec-2025      90
6    18-Mar-2026     110
7    25-Sep-2026     110
```

కాలాన్ని పట్టించుకోకపోతే 260 లక్షలు పెట్టి 310 లక్షలు తెచ్చుకున్నట్టు, లాభం 50 లక్షలు. బిల్డరు తన డబ్బుపై కోరుకునే కనీస రాబడి ఏటా 12 శాతం. అది E1 సెల్‌లో ఉంది. ఇప్పుడు మూడు రకాలుగా లెక్క వేసి చూడవచ్చు.

మొదటిది అన్నిటికంటే పెద్ద తప్పు. ఆరు మొత్తాలనూ నేరుగా NPVకి ఇచ్చేస్తే అది రెండున్నరేళ్లలో ముగిసే పనిని ఆరేళ్ల పనిగా చదువుతుంది. జవాబు మైనస్ 38.28 లక్షలు. చేతికి అందే డబ్బు నిజంగా వచ్చే కాలం కంటే చాలా దూరానికి జరిగిపోయింది కాబట్టే ఇంత నష్టం కనిపించింది.

రెండోది చూడ్డానికి సబబుగానే ఉంటుంది, చాలామంది చేసేదీ అదే. ఆర్థిక సంవత్సరాల వారీగా మొత్తాలు కూడతారు. 2024-25లో 200 లక్షలు పోయాయి, దాన్ని ఆరంభంగా తీసుకుంటారు. 2025-26లో 60 పోయి 200 వచ్చాయి, నికరంగా 140. 2026-27లో 110. ఒక ఏడాది తర్వాత 140, రెండేళ్ల తర్వాత 110 అని లెక్కిస్తే జవాబు ప్లస్ 12.69 లక్షలు. ప్రాజెక్టు బాగుందనిపిస్తుంది.

మూడోది అసలు తేదీలతో చేసే లెక్క.

```
=XNPV(E1, B2:B7, A2:A7)
```

ముందు రేటు, తర్వాత మొత్తాలు, ఆ తర్వాత తేదీలు. జవాబు మైనస్ 1.82 లక్షలు. అవే అంకెలు, అదే రేటు, అయినా నిర్ణయం తలకిందులైంది. సంవత్సరాల వారీ లెక్క 2025 డిసెంబరులోనూ 2026 మార్చిలోనూ వచ్చే డబ్బును ఆరంభం నుంచి ఒక్క ఏడాది దూరంలోనే పెట్టింది. అసలు తేదీల ప్రకారం అవి 628 రోజుల, 716 రోజుల దూరంలో ఉన్నాయి. చివరి విడత కూడా రెండేళ్లకు కాదు, 907 రోజులకు వస్తుంది. శ్లాబుల ఖర్చు ఏడున్నర నెలలు ఆలస్యంగా జరగడం బిల్డరుకు కొంత కలిసొచ్చింది గానీ, రావలసిన డబ్బు దూరం జరగడం వల్ల పోయింది అంతకంటే ఎక్కువ.

ఈ జవాబును నమ్మే ముందు చేత్తో సరిచూడటం మంచి అలవాటు. C2 సెల్‌లో కింది సూత్రం రాసి C7 దాకా లాగితే ఒక్కో మొత్తం విడిగా ఎంతకు తగ్గిందో కనిపిస్తుంది.

```
=B2/(1+$E$1)^((A2-$A$2)/365)
```

ఉదాహరణకు చివరి 110 లక్షలు 83 లక్షలుగా తగ్గుతాయి. ఆరు సెల్‌లూ కూడితే XNPV ఇచ్చిన జవాబే రావాలి. రాకపోతే ఏదో ఒక అడ్డువరుసలో పొరపాటు ఉన్నట్టే. అది ఏ వరుసో కూడా అక్కడే పట్టుబడుతుంది.

పొరపాట్లలో ఎక్కువ నష్టం చేసేది తేదీ రాసే పద్ధతి. మన దేశంలో 10/06/2025 అంటే జూన్ 10. కంప్యూటరులో అమెరికా పద్ధతి అమర్చి ఉంటే అదే అక్టోబరు 6 అవుతుంది. మిగతా తేదీలన్నీ నెల పేరుతో సరిగ్గా రాసి, ఈ ఒక్కటి మాత్రం బిల్లులో ఉన్నట్టే అంకెలతో కొట్టారనుకుందాం. ఫినిషింగ్ ఖర్చు దాదాపు నాలుగు నెలలు వెనక్కి జరిగి, జవాబు మైనస్ 1.82 లక్షల నుంచి ప్లస్ ఆరున్నర వేలకు మారుతుంది. షీటు ఏ తప్పూ చూపదు. నష్టం లాభంగా మారిపోయిందని ఎవరికీ తెలియదు. అదే 15/11/2024 అయితే పదిహేనో నెల లేదు కాబట్టి అది తేదీగా మారక వట్టి అక్షరాలుగా మిగిలిపోతుంది. అప్పుడు ఎక్సెల్ #VALUE! అని చూపుతుంది. ఆగిపోయే తప్పు కంటే ఆగకుండా జవాబిచ్చే తప్పే ప్రమాదకరం.

దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. స్ప్రెడ్‌షీట్ తేదీని లోపల ఒక సంఖ్యగా దాచుకుంటుంది. 2024 ఏప్రిల్ 1 సంఖ్య 45383, 2025 జూన్ 10 సంఖ్య 45818. తేదీల సెల్‌లను మామూలు సంఖ్యల రూపంలోకి మార్చి చూస్తే సంఖ్యగా మారనిది అక్షరాలే అని తేలుతుంది. తప్పు నెలలో పడిన తేదీని పట్టుకోవాలంటే నెల పేరు కనిపించే రూపంలోకి మార్చి కాగితాలతో పోల్చాలి. అసలు ఈ ఇబ్బందే లేకుండా ఉండాలంటే తేదీని ఇలా రాయవచ్చు. ఇందులో ఏడాది, నెల, రోజు వరుస ఏ కంప్యూటరులోనైనా మారదు.

```
=DATE(2025,6,10)
```

రెండో జాగ్రత్త మొదటి అడ్డువరుస గురించి. జాబితాలో మొదట ఉన్న తేదీనే XNPV ఆధారంగా తీసుకుంటుంది. మిగతావి ఏ క్రమంలో ఉన్నా ఫరవాలేదు గానీ, ఏదీ మొదటిదానికంటే ముందు తేదీ కాకూడదు. ఎవరైనా జాబితాను కొత్త తేదీలు పైకి వచ్చేలా సర్దితే ఎక్సెల్‌లో #NUM! వస్తుంది. జవాబు ఎప్పుడూ ఆ మొదటి తేదీ నాటి విలువే. రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు ఒకటి ఏప్రిల్‌లో, ఇంకొకటి ఆగస్టులో మొదలైతే ఆ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టడం సరికాదు. రెండు జాబితాల్లోనూ పైన ఒకే నిర్ణయ తేదీ రాసి, దాని పక్కన 0 ఉంచితే రెండూ ఒకే రోజు విలువలోకి వస్తాయి. దీనివల్ల ఏ ప్రాజెక్టు జవాబుకూ గుర్తు మారదు, పరిమాణం మాత్రమే మారుతుంది.

రేటు ఎప్పుడూ వార్షికమే ఉండాలి. నెలకు ఒక శాతం అని అప్పు తెచ్చుకున్నవారు E1లో 1% పెడితే జవాబు పూర్తిగా తప్పుతుంది. నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 12.68 శాతం అవుతుంది, అక్కడ పెట్టవలసింది అదే. భాగించే 365 కూడా స్థిరం. లీపు సంవత్సరంలోనూ మారదు. అందుకే సరిగ్గా ఏడాదికొకసారి జరిగే లెక్కల్లో కూడా ఫిబ్రవరి 29 మధ్యలో వస్తే NPV, XNPV జవాబుల మధ్య కొద్దిపాటి తేడా ఉంటుంది. దాన్ని తప్పుగా భావించనక్కర్లేదు.

ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇచ్చిన ప్రతి తేదీనీ XNPV జరిగి తీరేదిగానే తీసుకుంటుంది. చివరి విడత సెప్టెంబరు 25న రాదేమో అన్న అనుమానాన్ని అది లెక్కలోకి తీసుకోదు. ఆ పని షీటు వాడే మనిషి చేయాలి. A7లో తేదీని డిసెంబరు 25కి మారిస్తే జవాబు మైనస్ 4.13 లక్షలు. మూడు నెలల ఆలస్యం ధర 2.31 లక్షలన్నమాట. ఇదే జాబితా మీద XIRR ఫంక్షన్ వాడితే ప్రాజెక్టు రాబడి సుమారు 11.5 శాతమని వస్తుంది. ఆ శాతం చూసి కాస్త తక్కువైందని మాత్రమే తెలుస్తుంది, ఏ తేదీని సరిచేయాలో తెలియదు. A7లో తేదీలను ఒక్కొక్కటిగా వెనక్కి జరుపుతూ చూస్తే 2026 జులై 17 దగ్గర జవాబు సున్నాను దాటుతుంది. ఈ బిల్డరు తాను కోరిన 12 శాతం అందుకోవాలంటే ధర పెంచనక్కర్లేదు. చివరి విడతను జులై 17లోగా చెల్లించాలని అమ్మకం ఒప్పందంలో రాయించుకుని, ఆ గడువులోగా ఫ్లాట్లు అప్పగిస్తే సరిపోతుంది.