ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎక్కడ వేడెక్కుతుంది?

ఎక్స్‌టెన్షన్ బోర్డు కొనడానికి దుకాణానికి వెళితే మనం అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్ని ప్లగ్గులు పడతాయి, వైరు ఎంత పొడవు? బోర్డును తిరగేసి వెనక అచ్చువేసిన చిన్న అక్షరాలు చదివేవాళ్లు తక్కువ. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. ఇళ్లలో వాడే మామూలు బోర్డుల మీద చాలావరకు '6 ఆంప్స్' అని, కొన్నిటి మీద '10 ఆంప్స్' అని ఉంటుంది. ఈ అంకె ఒక్కో సాకెట్‌కు కాదు, బోర్డు మొత్తానికి. నాలుగు సాకెట్లున్నాయి కాబట్టి నాలుగార్లు ఇరవై నాలుగు అని లెక్క కట్టకూడదు. ఎన్ని సాకెట్లున్నా వాటన్నిటికీ కరెంటు వచ్చేది ఒకే వైరులోంచి, గోడకు గుచ్చిన ఒకే ప్లగ్గులోంచి.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. దాన్ని ఆరుతో గుణిస్తే 1380 వాట్లు. 6 ఆంప్స్ బోర్డు మోయగల బరువు అంతే. గంటల తరబడి నడిచే సామాను ఉంటే 1100 వాట్ల దగ్గరే ఆగడం మంచిది. ఎందుకంటే ఆ ఆరు ఆంప్స్ మాట కొత్త బోర్డుకు చెప్పింది, మూడేళ్లుగా మంచం కింద దుమ్ము కొట్టుకుపోయిన దానికి కాదు.

ఇప్పుడు ఒక గది లెక్క వేసి చూద్దాం. అమీర్‌పేటలో ముగ్గురు కుర్రాళ్లు ఉండే హాస్టల్ గది అనుకోండి. గోడకు ఒకే ప్లగ్ పాయింటు, దానికి ఒక 6 ఆంప్స్ బోర్డు. ముగ్గురివీ 33 వాట్ల ఫోన్ చార్జర్లు, 65 వాట్ల ల్యాప్‌టాప్ చార్జర్లు. ఇయర్‌బడ్స్, వాచీ, పవర్‌బ్యాంకు లాంటివన్నీ కలిపి ఇంకో 30 వాట్లు. వైఫై రౌటర్ 12, టేబుల్ ఫ్యాను 50. అన్నీ ఒకదాని పక్కన ఒకటి గుచ్చి, చాలనిచోట మల్టీప్లగ్ తగిలించారు. చూస్తేనే గుండె జారేలా ఉంటుంది ఆ తీగల చిక్కు.

కలిపి చూస్తే మాత్రం భయం తగ్గుతుంది. ఫోన్లు 99, ల్యాప్‌టాప్‌లు 195, చిల్లర సామాను 30. చార్జర్లన్నీ కలిసి 324 వాట్లు. ఇది అవి బయటికిచ్చే లెక్క. మధ్యలో కొంత వేడిగా పోతుంది కాబట్టి అవి గోడ నుంచి తీసుకునేది పదిహేను శాతం ఎక్కువ వేసుకుంటే 373. రౌటర్, ఫ్యాను కలిపితే 435 వాట్లు. 230తో భాగిస్తే రెండు ఆంప్స్ కూడా లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చిన్న చార్జర్లు కరెంటును సాఫీగా తీసుకోవు, కెరటం శిఖరం మీద మాత్రమే గబుక్కున లాక్కుంటాయి. అందువల్ల వాట్లను బట్టి రావలసిన ఆంప్స్‌కు దాదాపు రెట్టింపు దాకా వైరులో పారవచ్చు. అందుకని చార్జర్ల వాటా 1.6 ఆంప్స్‌ను 3.2 చేసుకుందాం. ఫ్యాను, రౌటర్లకు ఇంకో 0.3. మొత్తం మూడున్నర ఆంప్స్. ఇదీ అన్నీ ఒకేసారి పూర్తి జోరుమీద నడిస్తేనే. బ్యాటరీ నిండుతున్నకొద్దీ ఫోను తీసుకునేది తగ్గిపోతుంది కాబట్టి అలాంటి క్షణాలు అరుదు. ఎలా చూసినా ఆరు దాటలేదు.

లెక్క వేసేటప్పుడు చాలామంది తడబడేది చార్జర్ మీద అంకెల దగ్గర. ల్యాప్‌టాప్ చార్జర్ మీద '20 వోల్టులు, 3.25 ఆంప్స్' అని ఉంటే, ఇలాంటివి రెండు పెడితే ఆరున్నర ఆంప్స్ అయిపోయాయని కంగారు పడతారు. అది చార్జర్ నుంచి ల్యాప్‌టాప్‌కు పోయే కరెంటు, బోర్డుకు దానితో పనిలేదు. ఆ రెండు అంకెలనూ గుణిస్తే వచ్చే 65 వాట్లే మనకు కావలసింది. ఇక 'ఇన్‌పుట్' అన్నచోట 1.5 ఆంప్స్ అని ఉంటే అది 100 వోల్టుల దేశాల్లో కూడా పనిచేయాలి కాబట్టి రాసిన గరిష్ఠం. మన దగ్గర అంత తీసుకోదు.

మరి బోర్డులు ఎందుకు మాడుతున్నాయి? సాయంత్రం ఒక కుర్రాడు మ్యాగీ కోసం కెటిల్ తెస్తాడు. 1500 వాట్ల కెటిల్ ఒక్కటే ఆరున్నర ఆంప్స్ లాగుతుంది. ముందున్న మూడున్నరతో కలిసి పది. ఇందాకటి దాకా ఎన్ని చార్జర్లు గుచ్చినా రాని ప్రమాదం ఒక్క ప్లగ్గుతో వచ్చిపడింది. నీళ్లు కాచే రాడ్డు, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్, ఇండక్షన్ స్టవ్వు అన్నీ ఈ జాతివే. వేడి పుట్టించడమే పనిగా ఉన్న వస్తువు ఏదైనా చార్జర్ల బోర్డుకు పరాయిదే. గదిలో కరెంటు కుక్కరు వాడుకునేవాళ్లు కూడా ఈ లెక్క వేసుకోవాలి.

ఇక పది ఆంప్స్ పారితే ఏం జరుగుతుందో చూద్దాం. వైరు వేడెక్కుతుందని అందరూ అనుకుంటారు. నిజమే, 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో పది ఆంప్స్ పారితే మీటరుకు అయిదు వాట్ల వేడి పుడుతుంది. చాపిన వైరుకు అది గాలిలో కలిసిపోతుంది. మిగిలిన అయిదు మీటర్లనూ చుట్టగా చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే పాతిక వాట్ల వేడి గుప్పెడు చోటులో బందీ అవుతుంది. పరుపు కిందో తివాచీ కిందో పోనిచ్చినా అంతే. కానీ ముందుగా మాడేది సాధారణంగా వైరు కాదు. పిన్ను, దాన్ని పట్టుకునే ఇత్తడి రేకు కలిసే చోటు.

కొత్త సాకెట్‌లో రేకు పిన్నును గట్టిగా నొక్కి పట్టుకుంటుంది, అక్కడ కరెంటుకు అడ్డు దాదాపు ఉండదు. వదులైతే పిన్నూ రేకూ ఒకటి రెండు చుక్కల దగ్గరే తాకుతాయి. ఆ అడ్డు ఒక ఓమ్‌లో పదో వంతు దాకా పెరిగిందనుకుందాం. అక్కడ పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. చార్జర్ల మూడున్నర ఆంప్స్ పారితే 1.2 వాట్లు, చేతికి గోరువెచ్చగా కూడా తెలియకపోవచ్చు. కెటిల్ తోడై పది ఆంప్స్ పారితే పది వాట్లు. కరెంటు మూడు రెట్లు కాకముందే వేడి ఎనిమిది రెట్లయింది. ఆ పది వాట్లూ శనగగింజంత చోటులో, చుట్టూ ప్లాస్టిక్ మూసిన గూటిలో. వేడికి ఇత్తడి రేకు సాగి పట్టు సడలుతుంది, పైన నల్లటి పొర కడుతుంది, దాంతో అడ్డు ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి ఈ సుడి మొదలైతే దానంతట అది తగ్గదు.

రేకులు వదులవడానికి మనమే దారి తీస్తాం. మన 6 ఆంప్స్ ప్లగ్గు పిన్నులు దాదాపు అయిదు మిల్లీమీటర్ల లావు, 16 ఆంప్స్ వాటివి ఏడు. ఫోన్ చార్జర్ల రెండు పిన్నులు చాలావరకు నాలుగే. అన్ని రకాల పిన్నులూ పట్టే 'యూనివర్సల్' సాకెట్‌లో ఇవాళ లావుపాటిది దూర్చి, రేపు సన్నది గుచ్చితే సన్నదానికి పట్టు దొరకదు. చిటపట శబ్దం అందుకే. గోడ సాకెట్‌కు మల్టీప్లగ్ గుచ్చి, దానికి మూడు పక్కలా బరువైన చార్జర్లు వేలాడదీస్తే అది ముందుకు వాలి రేకులను వంచేస్తుంది. చార్జర్ల బరువుకైతే మల్టీప్లగ్ కంటే నేల మీదో బల్ల మీదో ఆనే బోర్డే నయం. బోర్డుకు ఇంకో బోర్డు తగిలించినా మొత్తం కరెంటు దాటవలసిన అతుకులు పెరుగుతాయి, భారమంతా మొదటి బోర్డు ప్లగ్గు మీదే పడుతుంది.

'ఎంసీబీ ఉంది కదా, అదే పడిపోతుంది' అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. గోడలోని వైరును కాపాడటానికి పెట్టింది అది. 16 ఆంప్స్ ఎంసీబీకి మన పది ఆంప్స్ లెక్కలోకే రాదు, రాత్రంతా పారినా కదలదు. 23 ఆంప్స్ పారినా అది పడటానికి గంట దాకా పట్టవచ్చు. పైగా వదులు పిన్ను దగ్గర వేడి పెరిగితే కరెంటు పెరగదు కదా, ఎంసీబీకి ఆ సంగతి తెలిసే దారే లేదు. బోర్డు మీద చిన్న రీసెట్ బటన్ ఉంటే అది కొంత మేలు, దాటితే ఆపుతుంది. 'స్పైక్ గార్డ్' అన్న పేరు చూసి ఇది ఓవర్‌లోడ్‌ను ఆపుతుందనుకోవద్దు. అది పిడుగు, సప్లై ఎగుడుదిగుళ్ల వల్ల వచ్చే వోల్టేజీ పోట్ల కోసం.

వదులైందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. అరగంట వాడాక గోడ స్విచ్ ఆపి, బోర్డు ప్లగ్గు పీకి, పిన్నులను వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. పట్టుకోలేనంత వేడిగా ఉంటే సాకెట్ పని అయిపోయింది. ఒక పిన్నే కాలితే ఆ వైపు రేకు వదులైనట్టు. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడం, గదిలో చేపలు లేకుండా చేపల కంపు రావడం కూడా అదే కథ. వేడెక్కిన కొన్ని ప్లాస్టిక్కులు అలాగే వాసన కొడతాయి. చాలామంది ఆ రేకులను స్క్రూడ్రైవర్‌తో దగ్గరికి వంచుతారు. ఒకసారి మాడిన ఇత్తడికి స్ప్రింగు గుణం తిరిగి రాదు. బోర్డయితే పారేయాలి, గోడ సాకెట్టయితే మార్పించాలి, మాడిన ప్లగ్గును కొత్త సాకెట్‌లో పెట్టకూడదు. అది కొత్త రేకులనూ పాడు చేస్తుంది.

కెటిల్ నాలుగు నిమిషాల్లో ఆగిపోతుంది, ప్లాస్టిక్ పూర్తిగా వేడెక్కే లోపే. ఈ మధ్య అపార్ట్‌మెంట్ సెల్లార్లలో కనిపిస్తున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల చార్జింగ్ అలా కాదు. 700 వాట్ల చార్జర్ మూడు ఆంప్స్ చొప్పున నాలుగైదు గంటలు ఆగకుండా లాగుతుంది. పరిమితి లోపలే ఉన్నా వదులు పిన్నుకు చల్లారే వ్యవధి దొరకదు. లావు పిన్నుల ప్లగ్గును సన్న సాకెట్‌లో పెట్టించే కన్వర్షన్ ప్లగ్ తగిలించి, మొదటి అంతస్తు నుంచి బోర్డు వైరు వేలాడదీస్తే ఆ నాలుగైదు గంటల భారమంతా చిన్న రేకుల మీద పడుతుంది. దానికి కిందే 16 ఆంప్స్ పాయింటు విడిగా వేయించుకోవడం తప్ప అడ్డదారి లేదు. హాస్టల్ గదిలో కెటిల్‌కూ అంతే. వరండాలో గీజరు పక్కనున్న పవర్ పాయింటులో నేరుగా పెట్టుకుని నీళ్లు కాచి తెచ్చుకుంటే, ముగ్గురి చార్జర్లూ ఆ పాత బోర్డు మీదే ఇంకొన్నాళ్లు నడుస్తాయి.