30 శాతం హైక్ అన్నారు.. చేతికొచ్చేది ఎంత? వేరియబుల్ పే ఉంటే లెక్క ఇలా చూసుకోవాలి

పాత కంపెనీలో ప్యాకేజీ రూ.10 లక్షలు. కొత్త కంపెనీ ఆఫర్ లెటర్‌లో రూ.13 లక్షలు. అంటే 30 శాతం హైక్ అన్నమాట. హెచ్‌ఆర్ చెప్పేది ఇదే, ఇంట్లో వాళ్లకు చెప్పేదీ ఇదే. కానీ మొదటి నెల జీతం అకౌంట్‌లో పడ్డాక చూస్తే పాత జీతానికి నాలుగు వేలే ఎక్కువ! ఎక్కడా మోసం జరగలేదు. 30 శాతం అనేది సీటీసీ మీద వేసిన లెక్క. సీటీసీ అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అందులో ప్రతి నెలా వచ్చేవి ఉంటాయి, ఒక్కసారే వచ్చేవి ఉంటాయి, వస్తాయో రావో తెలియనివి కూడా ఉంటాయి. అన్నిటినీ కలిపి శాతం కడితే అసలు పెరిగింది ఎంతో తెలియదు.

రెండు ఆఫర్లను విడగొట్టి చూస్తే..

హైదరాబాద్‌లోని ఒక ఐటీ ఉద్యోగి విషయంలో లెక్క ఇలా ఉందనుకుందాం. పాత ప్యాకేజీ రూ.10 లక్షల్లో వేరియబుల్ పే రూ.60 వేలు. బేసిక్ రూ.5 లక్షలు కాబట్టి అందులో 12 శాతం, అంటే రూ.60 వేలు కంపెనీ కట్టే పీఎఫ్ వాటా. గ్రాట్యుటీ కింద సుమారు రూ.24 వేలు. ఇవన్నీ తీసేస్తే నెలనెలా పంచి ఇచ్చే ఫిక్స్‌డ్ జీతం ఏడాదికి రూ.8.56 లక్షలు.

కొత్త ప్యాకేజీ రూ.13 లక్షల్లో జాయినింగ్ బోనస్ లక్ష రూపాయలు. వేరియబుల్ రూ.1.80 లక్షలు. బేసిక్ రూ.6 లక్షలు కాబట్టి కంపెనీ పీఎఫ్ వాటా రూ.72 వేలు, గ్రాట్యుటీ సుమారు రూ.29 వేలు. ఇవి పోగా మిగిలిన ఫిక్స్‌డ్ జీతం రూ.9.19 లక్షలు.

ఇప్పుడు ఫిక్స్‌డ్‌ను ఫిక్స్‌డ్‌తో పోల్చి చూడాలి. కొత్త దాంట్లోంచి పాతది తీసేసి, పాతదానితో భాగించి, 100తో గుణించాలి. 8.56 లక్షలు 9.19 లక్షలు అయింది కాబట్టి హైక్ 7.4 శాతమే. నెలకు రూ.5,250 పెరిగింది. బేసిక్ పెరిగినందుకు ఉద్యోగి జీతంలోంచి కట్ అయ్యే పీఎఫ్ కూడా నెలకు రూ.5 వేల నుంచి రూ.6 వేలు అవుతుంది. అంటే చేతికి అదనంగా వచ్చేది రూ.4,250. కొత్త ఈఎంఐ ఏదైనా పెట్టుకోవాలంటే చూడాల్సిన నంబర్ ఇదే.

వేరియబుల్‌ను ఎలా కలపాలి?

అలాగని వేరియబుల్‌ను పూర్తిగా వదిలేయడమూ సరికాదు. అది కూడా వచ్చే డబ్బే. అయితే పాత కంపెనీ విషయంలో లెటర్‌లో రాసిన మొత్తం కాదు, కిందటి ఏడాది నిజంగా చేతికి వచ్చిన మొత్తం తీసుకోవాలి. రూ.60 వేలకు 90 శాతం ఇచ్చారనుకుంటే రూ.54 వేలు. దీన్ని ఫిక్స్‌డ్‌కు కలిపితే పాత ఉద్యోగంలో ఏడాదికి అందింది రూ.9.10 లక్షలు.

కొత్త కంపెనీ ఎంత ఇస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. అందుకే ఒక్క నంబర్ కాకుండా మూడు రకాలుగా లెక్క వేసుకోవాలి.

- వేరియబుల్ మొత్తం వస్తే: రూ.10.99 లక్షలు. హైక్ 20.8 శాతం.
- 70 శాతం వస్తే: రూ.10.45 లక్షలు. హైక్ 14.8 శాతం.
- అసలు రాకపోతే: రూ.9.19 లక్షలు. హైక్ ఒక్క శాతం.

అదే ఉద్యోగం, అదే ఆఫర్ లెటర్. హైక్ మాత్రం ఒక శాతం నుంచి 21 శాతం లోపు ఎక్కడైనా ఆగొచ్చు. అన్నీ కలిసొచ్చినా 30 దాకా రాదు.

ఇదే లెక్కను తిరగేసి కూడా చూడొచ్చు. ఉద్యోగం మారాలంటే కనీసం 10 శాతం పెరగాలి అనుకుంటే, ఏడాదికి రూ.10.01 లక్షలు అందాలి. ఫిక్స్‌డ్ పోను ఇంకా రూ.82 వేలు కావాలి. అంటే కొత్త కంపెనీ వేరియబుల్‌లో కనీసం 46 శాతం ఇస్తేనే ఆ 10 శాతం హైక్ నిజమవుతుంది.

జాయినింగ్ బోనస్, పీఎఫ్, గ్రాట్యుటీ సంగతి?

జాయినింగ్ బోనస్ ఒక్కసారే వస్తుంది. రెండో ఏడాది ఉండదు. పైగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలనే షరతు చాలా లెటర్లలో ఉంటుంది. కాబట్టి దాన్ని హైక్‌లో కలపకూడదు, విడిగా చూడాలి.

పీఎఫ్ ఉద్యోగి డబ్బే, కాకపోతే ఇప్పుడు చేతికి రాదు. కలపాలనుకుంటే రెండు వైపులా కలపాలి. పై ఉదాహరణలో కంపెనీ వాటా కలిపినా 14.8 శాతం కాస్తా 15.2 అవుతుంది, అంతే. ఒకవైపే కలిపితేనే లెక్క తప్పుతుంది. గ్రాట్యుటీ పర్మినెంట్ ఉద్యోగులకు సాధారణంగా ఐదేళ్ల సర్వీస్ నిండితేనే వస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేయడమే నయం.

ఈ ఉదాహరణలో ఆదాయపు పన్ను తేడా కూడా లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి రూ.12.75 లక్షల జీతం వరకు పన్ను పడదు. పాత జీతం ఈ గీతకు కింద ఉండి కొత్త జీతం పైకి వెళ్లేవాళ్లు మాత్రం పన్ను పోయాక మిగిలేదానితోనే పోల్చాలి.

మొదటి ఏడాదిలోనే అసలు తేడా

వేరియబుల్‌ను చాలా కంపెనీలు పనిచేసిన నెలలకే లెక్కగట్టి ఇస్తాయి. ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కించే కంపెనీలో జనవరిలో చేరితే మూడు నెలలకే వస్తుంది. రూ.1.80 లక్షల్లో ఆ లెక్కన రూ.45 వేలే. మరోవైపు పాత కంపెనీలో బోనస్ ఇచ్చే తేదీకి రోల్స్‌లో లేకపోతే అక్కడి వేరియబుల్ కూడా చాలాచోట్ల ఇవ్వరు. తొమ్మిది నెలలు పనిచేసి సంపాదించుకున్నది అలా పోతుంది. ఆ మొత్తాన్ని జాయినింగ్ బోనస్‌లోంచి తీసేసి చూస్తే బోనస్‌లో మిగిలేది ఎంతో తెలుస్తుంది.

హెచ్‌ఆర్‌ను ఏం అడగాలి?

"వేరియబుల్ బాగానే వస్తుంది" అనే మాట సరిపోదు. ఆ గ్రేడ్‌లో గత రెండు మూడేళ్లలో సగటున ఎంత శాతం ఇచ్చారు? మూడు నెలలకోసారా, ఏడాదికోసారా? కంపెనీ లాభాన్ని బట్టా, ఉద్యోగి రేటింగ్‌ను బట్టా? మధ్యలో చేరితే ఎలా? వీటికి జవాబు మెయిల్‌లో తీసుకోవాలి. అదే టీమ్‌లో పనిచేసేవాళ్లు తెలిసుంటే వాళ్లకు చివరిసారి ఎంత వచ్చిందో కనుక్కుంటే ఇంకా మంచిది.

బేరం ఆడేటప్పుడు కూడా మొత్తం ప్యాకేజీ పెంచమనే అడగక్కర్లేదు. రూ.13 లక్షలు అలాగే ఉంచి, వేరియబుల్‌లోంచి రూ.80 వేలు ఫిక్స్‌డ్‌లోకి మార్చమని అడగొచ్చు. బేసిక్ మారకపోతే ఫిక్స్‌డ్ రూ.9.99 లక్షలు అవుతుంది. అప్పుడు వేరియబుల్ ఒక్క రూపాయి రాకపోయినా, పాత ఉద్యోగంలో అందిన రూ.9.10 లక్షల మీద దాదాపు 10 శాతం హైక్ ఖాయం.